రెండేళ్లలో మోకాటి గ్యాప్ 4.5 నుంచి 2.4కి పడిపోయిందా? రెండు ఎక్స్‌రేలు పోల్చడంపై సందేహం

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్లు. కుడి మోకాలు నొప్పి, ముఖ్యంగా లోపలి పక్క. రెండేళ్ల కిందటి ఎక్స్‌రే రిపోర్టులో కీలు మధ్య ఖాళీ మామూలుగానే ఉందని, అంచుల్లో చిన్న ముళ్లు వచ్చాయని రాశారు. మొన్నటి రిపోర్టులో లోపలి పక్క ఖాళీ బాగా తగ్గిందనీ అరుగుదలను అంచనా కట్టే కేఎల్ గ్రేడ్ 3 అనీ ఉంది.

రెండు ఫైళ్లూ సీడీలో ఇచ్చారు. కంప్యూటర్లో తెరిచి గీత లాగి కొలిచాను. పాతదాంట్లో కుడి మోకాలు లోపలి పక్క 4.5 మి.మీ., కొత్తదాంట్లో 2.4 మి.మీ. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పోతుంటే ఇంకో రెండున్నరేళ్లలో గుజ్జు మొత్తం అయిపోయినట్టే కదా? అమ్మేమో నొప్పి అప్పుడెంతో ఇప్పుడూ అంతేనంటోంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయో అర్థం కావడం లేదు.

పీజీ_రెండో_ఏడు

లోపలి పక్క గ్యాప్ 3 మి.మీ. కంటే తక్కువైతే తగ్గినట్టే లెక్క. మామూలు మోకాలికి అక్కడ 4 నుంచి 5 దాకా ఉంటుంది కాబట్టి, 2.4 అంటే గుజ్జు దాదాపు సగం పోయినట్టు. ముళ్లు కూడా ఉన్నాయంటున్నారు, గ్రేడ్ 3 సరిపోతుంది. రెండేళ్లలో ఇంత పడిపోవడం మామూలు వేగం కాదు. ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.

డార్క్‌రూమ్

గుజ్జు ఎంత పోయిందో లెక్క కట్టే ముందు ఒక్క మాట చెప్పండి చిగురు గారూ. పాత ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా? అమ్మగారికి గుర్తులేకపోతే ఫిల్మ్‌లోనే ఆనవాళ్లుంటాయి. నిలబెట్టి తీస్తే మూలన R, L అక్షరాల పక్కన WB అనో Erect అనో గుర్తు పెట్టడం అలవాటు. నిలబెట్టినప్పుడు సాధారణంగా రెండు మోకాళ్లూ ఒకే ఫిల్మ్‌లో పడతాయి. పడుకోబెట్టినప్పుడు చాలాచోట్ల ఒక్కో మోకాలికి విడివిడిగా తీస్తారు. గుర్తు లేనంత మాత్రాన పడుకోబెట్టి తీశారని గట్టిగా చెప్పలేం గానీ, అనుమానించాల్సిందే.

కొత్తచిగురు

చూశానండీ. పాతదాంట్లో R అని మాత్రమే ఉంది, WB లేదు. కుడి మోకాలు ఒక్కటే ఒక ఫిల్మ్‌లో, ఎడమది ఇంకో ఫిల్మ్‌లో ఉన్నాయి. కొత్తదాంట్లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, WB అని కూడా ఉంది. అమ్మను అడిగితే మొదటిసారి బల్ల మీద పడుకోబెట్టారనే గుర్తంటోంది.

నీలితెర

అయితే ఆ 4.5ను పక్కన పెట్టేయండి. 2.4 పక్కన నిలబెట్టి పోల్చదగ్గ అంకె కాదు అది.

ఎక్స్‌రేలో గ్యాప్‌లా కనిపించేది నిజానికి ఖాళీ కాదు. తొడ ఎముక చివర ఉన్న గుజ్జు, మోకాటి కింది ఎముక టిబియా పైన ఉన్న గుజ్జు, వాటి మధ్య కొంత మేర దూరిన దిండులాంటి మెనిస్కస్, ఇవేవీ ఎక్స్‌రేకి కనిపించవు కాబట్టి అక్కడ నల్లగా పడుతుంది. మనం కొలిచేది రెండు ఎముకల మధ్య దూరాన్నే. అది గుజ్జు మందానికి సమానం కావాలంటే రెండు గుజ్జు పొరలూ ఒకదానికొకటి ఆని ఉండాలి. ఒళ్లు బరువు పడితేనే అవి ఆనుకుంటాయి. పడుకున్నప్పుడు కాలి మీద బరువుండదు, కీలు కాస్త వదులవుతుంది, అరిగిన చోట రెండు ఎముకలూ దూరంగానే ఉండిపోతాయి. అందుకే బాగా అరిగిన మోకాలు కూడా పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో నిక్షేపంగా కనిపించవచ్చు. కాళ్లు కాస్త దొడ్డిగా ఉన్నవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే నిలబడగానే బరువంతా లోపలి పక్కకు దిగుతుంది.

వేగం సంగతి కూడా చెబుతాను. మోకాటి అరుగుదలలో గ్యాప్ సగటున ఏడాదికి 0.1 నుంచి 0.2 మి.మీ. వరకు తగ్గుతుంది. రెండేళ్లలో 2 మి.మీ. పడిపోయిందని ఎవరైనా అంటే నేను ముందు అనుమానించేది ఫిల్మ్ తీసిన తీరునే. తీరు ఒకటేనని తేలాక అప్పుడు మెనిస్కస్‌ను ఎముకకు పట్టి ఉంచే వేరు తెగిందా, కీలువాతమా, ఇన్‌ఫెక్షనా అని వెతుకుతాను. మీ అమ్మగారి నొప్పి మారలేదన్న మాట ఇక్కడ బాగానే పొసుగుతోంది. రెండేళ్ల కిందట కూడా ఆ గ్యాప్ ఇంచుమించు ఇలాగే ఉండి ఉండొచ్చు, ఫిల్మ్‌లో పడలేదంతే.

మోకాటిచిప్ప

నాదీ ఇదే బాధ. నిలబెట్టే తీశారు, గ్యాప్ బాగుందన్నారు. కానీ మెట్లు దిగుతుంటే ప్రాణం పోతోంది, కుర్చీలోంచి లేవాలన్నా అంతే. ఎక్స్‌రేలో గ్యాప్ బాగుంటే ఆర్థరైటిస్ లేనట్టేనా? మరి ఈ నొప్పి ఎక్కణ్నుంచి వస్తోంది?

నీలితెర

మీది వేరే కీలు గొడవ కావచ్చండీ. ముందు నుంచి తీసిన ఫిల్మ్ తొడ ఎముకకూ టిబియాకూ మధ్య గ్యాప్‌నే చూపిస్తుంది. చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఉన్న గ్యాప్ అందులో కనపడదు, చిప్ప తొడ ఎముక మీదే పడి కలిసిపోతుంది. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు వచ్చే నొప్పి ఎక్కువగా అక్కడిదే. మోకాలు మడిచి చిప్ప వెంబడి తీసే స్కైలైన్ వ్యూ ఉంటుంది, పక్క నుంచి తీసే లేటరల్ కూడా. అవి తీయించారేమో చూడండి. ఇంకా వివరాలు కావాలంటే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

పీజీ_రెండో_ఏడు

పాత ఫిల్మ్ విషయం ఒప్పుకుంటున్నాను, అది అడగకుండా వేగం గురించి మాట్లాడకూడదు. కానీ కొత్తది నిలబెట్టి తీసిందే కదా. 2.4 అనేది మాత్రం నిజమైన అంకె. గ్రేడ్ 3 మారదు.

నీలితెర

అంత తొందరొద్దు. నిలబెట్టి తీయడం మొదటి షరతు మాత్రమే. గీత ఎక్కణ్నుంచి ఎక్కడికి లాగారన్నది ఇంకా తేలలేదు.

చిగురు గారూ, కొత్త ఫిల్మ్‌ను పెద్దది చేసి కుడి మోకాలు లోపలి పక్క టిబియా పైభాగాన్ని చూడండి. అది చదునుగా ఉండదు, కొద్ది లోతున గుంట పడి ఉంటుంది. గుంట అడుగు మందంగా, తెల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఆ గుంటకు ముందు అంచు ఒకటి, వెనక అంచు ఒకటి ఉంటాయి, రెండూ సన్నటి గీతల్లా పడతాయి. ఎక్స్‌రే కిరణం సరిగ్గా టిబియా పైతలానికి సమాంతరంగా వెళితే ఈ రెండు సన్న గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనిపిస్తాయి. కిరణం కాస్త వాలితే రెండుగా విడిపోయి, ఒకటి పైకి లేచి గ్యాప్‌లోకి చొచ్చుకొస్తుంది. చూసేవాళ్లు ఆ పైగీతనే టిబియా అనుకుని అక్కడిదాకా కొలిచేస్తారు. అప్పుడు గ్యాప్ ఉన్నదానికంటే తక్కువ వస్తుంది.

కొలవాల్సింది తొడ ఎముక గుండ్రటి అంచు నుంచి ఆ మందపాటి తెల్ల పట్టీ పైఅంచు వరకు. లోపలి పక్కలో అతి ఇరుకుగా ఉన్న చోట కొలవాలి గానీ చివర ముల్లు ఉన్న చోట కాదు. ముల్లు మొదలయ్యే దగ్గర ఎముక వంపు తిరుగుతుంది, అక్కడ కొలిస్తే ఏ అంకైనా వస్తుంది.

డార్క్‌రూమ్

దీనికి ఒక చిన్న లెక్క చెబుతాను. లోపలి పక్క టిబియా పైతలం ముందు నుంచి వెనక్కి సుమారు 45 మి.మీ. ఉంటుందనుకోండి. కిరణం 5 డిగ్రీలు పైకో కిందికో వాలితే చాలు, ముందు అంచూ వెనక అంచూ ఫిల్మ్ మీద దాదాపు 4 మి.మీ. ఎడంగా పడతాయి. మనం కొలవబోయే గ్యాప్ మొత్తం అంత లేదు. 5 డిగ్రీలంటే పేషెంటు మోకాలు కాస్త మడిచి నిలబడ్డా, ట్యూబు ఎత్తు కొంచెం తప్పినా వచ్చేస్తుంది. నొప్పి ఉన్నవాళ్లు మోకాలు పూర్తిగా చాచలేరు, అది మన చేతిలో లేదు.

కాలు తిరిగి ఉందేమో కూడా చూసుకోండి. చిప్ప తొడ ఎముక మధ్యలో పడాలి. చిప్ప ఒక పక్కకు జరిగి ఉంటే కాలు తిప్పి నిలబడ్డారని అర్థం. రెండు ఫిల్ముల్లో తిప్పుడు వేరువేరుగా ఉంటే ఇరుకైన చోటు కూడా జరిగిపోతుంది.

కొత్తచిగురు

చిప్ప మధ్యలోనే ఉంది. కానీ మీరన్నట్టే లోపలి పక్క రెండు గీతలున్నాయి! పైన సన్నది, కింద మందంగా తెల్లటిది. నేను పైదాని దాకా లాగాను. మందపాటి దాని దాకా మళ్లీ కొలిస్తే 3.3 వచ్చింది. రెండు గీతల మధ్య దూరం పట్టుమని మిల్లీమీటరు లేదనుకున్నాను, గుంట అంచుల దగ్గర మాత్రం 3 దాకా ఉంది. ఎడమ మోకాలు అదే పద్ధతిలో 4.1.

అంటే అరుగుదల లేనట్టేనా? ఇంకో మాట, సాఫ్ట్‌వేర్ చూపించే మిల్లీమీటర్లను నమ్మొచ్చా?

నీలితెర

అరుగుదల లేదని కాదు, ఈ ఫిల్మ్‌తో తేలదని. అంచులు 3 మి.మీ. విడిపోయిన ఫిల్మ్‌లో 3.3 అన్నా 2.4 అన్నా నేను పందెం కాయను. రెండు అంచుల మధ్య ఎడం 1.5 మి.మీ. లోపు ఉంటేనే ఆ అంకెకు విలువ.

సాఫ్ట్‌వేర్ సంగతి. సీడీలో ఉన్నది డైకామ్ అనే అసలు ఎక్స్‌రే ఫైలైతే కొలత దాదాపు సరిగానే వస్తుంది, కాకపోతే కాస్త పెద్దదిగా చూపిస్తుంది. ఫైలు వివరాల్లో Imager Pixel Spacing అని ఉంటే అది ప్లేటు మీద పడిన నీడ కొలత. నీడ ఎప్పుడూ అసలుకంటే పెద్దదే. ట్యూబు ప్లేటుకు 100 సెం.మీ. దూరంలో ఉండి, కీలు మధ్యభాగం ప్లేటుకు 8 సెం.మీ. ఎడంగా ఉంటే, 100ను 92తో భాగించండి, సుమారు 9 శాతం పెద్దదవుతుంది. మీ 3.3 అసలు 3.0 అన్నమాట. కుడి ఎడమలను పోల్చడానికి ఇది అడ్డం కాదు, రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి. ఫిల్మ్‌ను ఫోనుతో ఫొటో తీసి అందులో కొలిస్తే మాత్రం ఆ అంకెకు అర్థమే ఉండదు.

ఒకే ఫిల్మ్‌ను ఇద్దరు కొలిస్తే కొంత తేడా రావడం మామూలే. కాబట్టి రెండు ఫిల్ముల మధ్య 0.2, 0.3 తేడా వచ్చిందని కంగారు పడకండి.

డార్క్‌రూమ్

తేల్చుకోవాలంటే మోకాళ్లు మడిచి నిలబెట్టి, వెనక నుంచి తీసే ఫిల్మ్ అడగండి. దాన్ని రోజెన్‌బర్గ్ వ్యూ అంటారు, 1988లో వచ్చింది. అందులో 45 డిగ్రీలు మడుస్తారు. దానికి దగ్గరి చుట్టం ఫిక్స్‌డ్ ఫ్లెక్షన్, అందులో 20 నుంచి 30 డిగ్రీలే. అమ్మగారి వయసుకు రెండోదే సుఖం.

పేషెంటు ప్లేటు వైపు ముఖం పెట్టి నిలబడతారు. కాలి బొటనవేళ్లు, మోకాటి చిప్పలు, తొడలు ప్లేటుకు తగులుతుండాలి. పాదాలు 10 డిగ్రీలు బయటికి తిప్పి, బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉంచాలి. ట్యూబును వెనక నుంచి 10 డిగ్రీలు కిందికి వంచి కీలు మధ్యకు గురిపెట్టాలి. అలా నిలబడితే టిబియా ముందుకు వాలుతుంది, దాని పైతలం కూడా ముందు వైపు కిందికి వాలుతుంది, 10 డిగ్రీలు వంచిన కిరణం ఆ వాలు వెంబడే వెళుతుంది. అంచులు కలిసి పడేది అందుకే.

మనవాళ్లు చాలామంది నొప్పి ఉన్న కాలిని తేలిక చేసి మంచి కాలి మీద నిలబడతారు. తెలియకుండానే చేస్తారు. అప్పుడు నొప్పి ఉన్న మోకాలే బాగున్నట్టు పడుతుంది. తీసే ముందు "రెండు కాళ్లూ సమానంగా" అని ఒకటికి రెండుసార్లు చెప్పమనండి.

ఫిజియోసుధ

మడిచి తీయడంలో ఇంకో లాభం కూడా ఉందనుకుంటాను. మనం నడిచేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు మోకాలు మడిచే కదా ఉంటుంది. తొడ ఎముక వెనక భాగంలో అరుగుదల ముందు మొదలవుతుంది. కాలు చాచి తీసిన ఫిల్మ్‌లో ఆ భాగం టిబియాకు ఆనదు.

ఇంకో ప్రశ్న. గుజ్జు పెరుగుతుందని ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లు, ఆరు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో గ్యాప్ పెరిగిందని చూపిస్తుంటారు. ఒకరి ఫిల్మ్‌లో 2 నుంచి 3.5 అయింది. ఇది నిజమయ్యే అవకాశం ఉందా?

కత్తిపట్టినచేయి

ఆర్థోపెడిక్ సర్జన్‌ని. ఆ రెండు ఫిల్ములూ ఒకే వ్యూలో తీసినవేనా, అంచులు రెండింటిలో ఒకేలా పడ్డాయా అని చూడండి. నేను చూసినవాటిలో మొదటిది నిలబెట్టి కాలు చాచినది, రెండోది పడుకోబెట్టినదో, అంచులు వేరే రకంగా పడినదో అయి ఉంటుంది. నొప్పి తగ్గి పేషెంటు కాలు పూర్తిగా చాచగలిగినా ఫిల్మ్‌లో గ్యాప్ మారుతుంది. నొప్పి తగ్గడం నిజమే కావచ్చు, గుజ్జు పెరిగిందనడానికి మాత్రం ఆ ఫిల్మ్ సాక్ష్యం కాదు.

మరో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను. లోపలి పక్క అరిగి కాలు దొడ్డిగా వంగినప్పుడు బయటి పక్క గ్యాప్ వెడల్పుగా, 7, 8 మి.మీ. దాకా తెరుచుకుని కనిపిస్తుంది. "బయటి పక్క గుజ్జు బ్రహ్మాండంగా ఉంది" అని రాసేస్తారు. అక్కడ రెండు ఎముకలూ ఆనుకోలేదు, అంతే. అది బాగుందో లేదో చూడాలంటే మోకాలిని బయటి పక్క ఆనేలా వత్తి పట్టుకుని, వాల్గస్ స్ట్రెస్ ఫిల్మ్ తీయాలి.

కొత్తచిగురు

డాక్టరు గారిని అడిగితే సరేనని మడిచిన ఫిల్మ్ రాశారు, నిన్న తీయించాం. డార్క్‌రూమ్ గారు చెప్పినట్టే నిలబెట్టమని అడిగాను, టెక్నీషియన్ ఓపిగ్గా చేశారు. ఈసారి లోపలి పక్క గీతలు దాదాపు ఒకటిగానే ఉన్నాయి, ఎడం 1 మి.మీ. లోపే.

కుడి లోపలి పక్క 1.6, కుడి బయటి పక్క 6.2. ఎడమ లోపలి పక్క 3.6. కుడివైపు తొడ ఎముకకూ టిబియాకూ లోపలి అంచుల్లో స్పష్టంగా ముళ్లున్నాయి. లోపలి పక్క టిబియా పైన తెలుపు ఎడమదానికంటే మందంగా ఉంది. మొదట 2.4 అని భయపడ్డాను, తర్వాత 3.3 అని ఊపిరి పీల్చుకున్నాను, ఇప్పుడు 1.6. ఏది నమ్మాలి?

నీలితెర

1.6ను నమ్మండి. నీడ పెద్దదవడం కలుపుకుంటే అసలు 1.5 చుట్టుపక్కల ఉంటుంది. కుడి ఎడమల మధ్య 2 మి.మీ. తేడా ఉంది, ఒకే ఫిల్మ్‌లో ఉంది, అంచులు కలిసి పడ్డాయి, తెలుపు కూడా అదే పక్క చిక్కబడింది. ఎముక మీద బరువు ఎక్కువ పడుతున్న చోటే అలా తెల్లబడుతుంది కాబట్టి అది గ్యాప్ కొలతకు సాక్ష్యం పలుకుతోంది. చాచిన ఫిల్మ్‌లో 3.3, మడిచినదాంట్లో 1.6 రావడం వింతేమీ కాదు. సుధ గారు చెప్పింది నిజం, వెనక భాగం ఆనేసరికి అసలు సంగతి బయటపడింది.

అయితే 1.6 మొత్తం గుజ్జు లెక్కేనని చెప్పలేను. లోపలి పక్క మెనిస్కస్ చిరిగి కీలులోంచి బయటికి జారినా గ్యాప్ తగ్గుతుంది, గుజ్జు ఇంకా కొంత మిగిలుండగానే. ఎక్స్‌రే ఆ రెండింటినీ విడదీయలేదు.

బయటి పక్క బాగుండి, లోపలి పక్కే ఇరుకై, ముళ్లుండటం అరుగుదల వాలకమే. రెండు పక్కలా సమానంగా ఇరుకై, ముళ్లు లేకుండా, కీలు చుట్టూ ఎముక పలచబడి ఉంటే కీలువాతం వైపు చూసేవాణ్ని. ఇక్కడ అది లేదు. గ్రేడ్ 3 అంటాను.

పీజీ_రెండో_ఏడు

ఆల్‌బాక్ పద్ధతిలో వేస్తే ఇది గ్రేడ్ 1 కదా? 3 మి.మీ. కంటే తక్కువైతే 1, గ్యాప్ పూర్తిగా పోతే 2, ఆపైన ఎముకే అరగడం మొదలైతే 3 నుంచి 5 వరకు. రిపోర్టులోని కేఎల్, అంటే కెల్‌గ్రెన్ లారెన్స్‌లో మాత్రం 3. ఒకే మోకాలికి రెండు అంకెలు.

నీలితెర

సరిగ్గా పట్టుకున్నారు. రెండు కొలబద్దలూ వేరే వేరే చోట మొదలవుతాయి. కెల్‌గ్రెన్ లారెన్స్ 1957 నాటిది, 0 నుంచి 4 దాకా పోతుంది, ముళ్లకు పెద్ద పీట వేస్తుంది. గ్యాప్ తగ్గడం మూడో మెట్టులో గానీ ఖాయంగా రాదు. 1968 నాటి ఆల్‌బాక్ గ్యాప్‌తోనే మొదలై ఎముక అరుగుదలలో లోతుకు వెళుతుంది. అందుకే రిపోర్టులో "గ్రేడ్ 3" అని మాత్రమే ఉంటే ఏ పద్ధతో అడగాలి. ఆల్‌బాక్ 3 అంటే గుజ్జు పోవడమే కాదు, ఎముక కూడా తరుగుతోందని అర్థం.

కత్తిపట్టినచేయి

నేనైతే దీన్ని 3, 4 మధ్యలో పెడతాను. 1.6 అంటే బాగా తగ్గినట్టే.

నీలితెర

4కి పెద్ద ముళ్లు, బాగా చిక్కటి తెలుపు, ఎముక ఆకారం మారడం కూడా ఉండాలి. చిగురు గారు చెప్పినదాంట్లో ఆకారం మారిన ఆనవాలు లేదు. నేను 3 దగ్గరే ఆగుతాను.

కత్తిపట్టినచేయి

ఫిల్మ్ నా కళ్లతో చూడలేదు కాబట్టి ఇంతకంటే వాదించను. దొడ్డికాళ్లు ఎంతున్నాయో తుంటి నుంచి మడమ దాకా నిలబెట్టి తీసిన ఫిల్మ్‌లో చూస్తే గానీ నాకు పూర్తి బొమ్మ రాదు.

కొత్తచిగురు

మీ ఇద్దరిలో ఎవరిది నిజమైనా అమ్మకు ఆపరేషన్ కావాలా వద్దా? అది చెప్పండి చాలు.

కత్తిపట్టినచేయి

అంకె చూసి ఆపరేషన్ ఎవరూ చెప్పకూడదమ్మా. 1.6 ఉండి రోజూ హాయిగా నడిచేవాళ్లున్నారు, 3 ఉండి రాత్రి నిద్రలేనివాళ్లూ ఉన్నారు. వేరే వేరే మనుషులను పక్కపక్కన పెడితే గ్యాప్‌కూ నొప్పికీ పొంతన తక్కువ. ఒకే మనిషి రెండు మోకాళ్లను పోలిస్తే మాత్రం ఎక్కువ ఇరుకైనది ఎక్కువ నొప్పెట్టడం తరచూ కనిపిస్తుంది. అమ్మగారి విషయంలో రెండూ కుడివైపే చూపిస్తున్నాయి, అంటే నొప్పి ఈ కీలుదే అనుకోవచ్చు.

గ్యాప్ నాకు ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. లోపలి పక్క మాత్రమే మార్చే సగం మోకాలు ఆపరేషన్‌కు అక్కడ ఎముకా ఎముకా ఆనుకుని ఉండాలి. ఇంకా గుజ్జు మిగిలి, గ్యాప్ 1.6 కనిపిస్తుండగా ఆ ఆపరేషన్ చేస్తే నొప్పి పోకపోవడం ఎక్కువ. అంటే "గ్యాప్ ఉండగానే తొందరగా చేయించుకుంటే మంచిది" అన్న మాట ఇక్కడ తిరగబడుతుంది. పూర్తి మోకాలు మార్పిడికైనా నొప్పి ఎంత అడ్డుపడుతోంది, వ్యాయామం, బరువు తగ్గడం, మందులు ఎంతవరకు పనిచేశాయి అన్నవే ముందు. అవి గట్టిగా ప్రయత్నించారా?

కొత్తచిగురు

మందులు వేసుకుంటోంది. వ్యాయామం రెండు వారాలు చేసి మానేసింది.

ఫిజియోసుధ

రెండు వారాలంటే తొడ కండరం ఇంకా మేలుకోలేదు. రెండు మూడు నెలలు చేస్తే గానీ పనిచేసిందీ లేనిదీ చెప్పలేం. గ్యాప్ దానివల్ల పెరగదు, నొప్పి మాత్రం తగ్గొచ్చు. మోకాలు పూర్తిగా చాచగలుగుతుందో లేదో కూడా ఫిజియో దగ్గర చూపించండి.

నీలితెర

ఎమ్మారై కావాలా అని అడిగేలోపే నా మాట చెబుతాను. మడిచిన ఫిల్మ్‌లో గ్యాప్ ఇంత స్పష్టంగా తగ్గాక, 61 ఏళ్ల వయసులో ఎమ్మారైలో మెనిస్కస్ చిరుగు దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది, దానివల్ల వైద్యం మారడం అరుదు. హఠాత్తుగా నొప్పి పెరిగినా, మోకాలు ఇరుక్కుపోతున్నా అది వేరే మాట.

పీజీ_రెండో_ఏడు

మెనిస్కస్ వేరు తెగిందేమో చూడనక్కర్లేదా? దానివల్ల గ్యాప్ త్వరగా తగ్గుతుందని మీరే అన్నారు.

నీలితెర

అది త్వరగా తగ్గిందని ఇక్కడ మనకు తెలియదుగా. పాత ఫిల్మ్ చెల్లదు, కొత్తది ఒక్కటే ఉంది. ఇంకో ఫిల్మ్ వచ్చేదాకా వేగం ప్రశ్న తేలదు.

కత్తిపట్టినచేయి

నాకు ఎమ్మారై మీద అంత పట్టింపు లేదు. ఫలానా రోజు చతికిలబడుతుంటే వెనకవైపు "టప్" మంది, అప్పట్నుంచే నొప్పి అని అమ్మగారు చెబితే తీయిస్తాను. లేకపోతే ఆగుతాను.

డార్క్‌రూమ్

మళ్లీ ఎప్పుడు తీయించినా ఇదే వ్యూ కావాలని చీటీ మీద రాయించుకోండి. ఎన్ని డిగ్రీలు మడిచారు, ట్యూబు ఎంత దూరం, ఎంత వంచారు అన్నవి టెక్నీషియన్‌ను అడిగి సీడీ కవరు మీద రాసిపెట్టండి. ఏడాదిలోపు తీయించి ప్రయోజనం లేదు, 0.1 తేడా కొలతల తప్పులోనే కలిసిపోతుంది. నొప్పి తీరు మారితే మాత్రం ఎప్పుడైనా సరే తీయించొచ్చు.

కొత్తచిగురు

రాసిపెట్టాను: 25 డిగ్రీలు, 10 డిగ్రీలు కిందికి, 100 సెం.మీ. "టప్" అన్న సంగతి అమ్మను అడిగితే, ఎప్పుడో పీట మీంచి లేస్తుంటే కలుక్కుమందంటోంది గానీ ఏడాదా రెండేళ్లా గుర్తులేదట. వచ్చే వారం డాక్టరు గారి దగ్గర ఆ సంగతే మొదట చెబుతాను.